కొన తూర్పుకు

మా మేనమామ అళగర్‌సామి వారంలో ఆరు రోజులు పాఠం చెప్పేవాడు, ఏడో రోజు మాట్లాడేవాడు. ఈ రెండూ వేరువేరని ఆయన్ని చూశాకే నాకు తెలిసింది.

విరుదునగర్‌లో ఒక పాలిటెక్నిక్. అక్కడ సివిల్ పిల్లలకు స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ చెప్పేవాడు. ఏ వస్తువు ఎంత బరువుకు ఎంత ఒంగుతుంది, ఎక్కడ విరుగుతుంది అని లెక్కలు కట్టే చదువు అది. అరవంలో మొదలుపెట్టి ఇంగ్లీషులో ముగించేవాడు. బస ఒక పప్పుల వ్యాపారి మేడ మీది గది. కింద ఇంటివాళ్లతో అరవం, మెస్సులో అరవం, బడ్డీకొట్టు దగ్గర అరవం. ఇంట్లో మేం మాట్లాడుకునే తెలుగు వేరు. సగం అరవం కలిసి, ఒత్తులన్నీ రాలిపోయి, ఆంధ్రా వాళ్లు వింటే ముసలమ్మల మాటలని నవ్వే తెలుగు అది. సోమవారం నుంచి శనివారం దాకా ఆ తెలుగు మామ నోట్లో అలాగే మూతపడి ఉండేది. ఆ తెలుగు చదవడం రాయడం మాలో ఎవరికీ రాదు. ఈ అక్షరాలు నేను నేర్చుకున్నది కూడా పెళ్లయి నెల్లూరు వచ్చాకే.

మామకు పెళ్లి కాలేదు. పిల్లనివ్వక కాదు. ఒకసారి కారియాపట్టి దగ్గర సంబంధం చూడ్డానికి పోయి, పిల్లను చూడమంటే తలెత్తి ఊయల బల్ల వేలాడే కొక్కెం చూశాడట. "ఇది నడిమికి లేదు, ఒక పక్క గొలుసుకే బరువంతా పోతాది," అన్నాడట ఆ పిల్ల తండ్రితో. మా అమ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా నవ్వేది, చివర్లో కళ్లు తుడుచుకునేది. ఆమెకు ఒక్కడే అన్న. అవ్వ పోయాక పెళ్లి మాట ఎత్తే మనిషి కూడా లేకుండా పోయింది. మామ ఆ గదిలో ఒక స్టవ్వు, ఒక చాప, గోడకు ఆనించిన ఒక పొడుగాటి అల్యూమినియం ముక్కతో ఉండిపోయాడు.

ఆదివారం పొద్దున మాత్రం బస్సెక్కి కోవిల్‌పట్టి వచ్చేవాడు. చెల్లెల్ని చూడ్డానికి వస్తున్నాడని ఊరంతా అనుకునేది. అబద్ధం. మా ఇంటికి వచ్చేది మధ్యాహ్నం భోజనం వేళకే. అంతకు ముందు సేపంతా ఎట్టయాపురం రోడ్డులో సోలైమలై వెల్డింగ్ పట్టడలో కూర్చునేవాడు.

సోలైమలైదీ మామావాళ్ల ఊరి పక్కే. ఎట్టయాపురం దగ్గరి నల్లరేగడి పల్లెలో ఇద్దరూ ఒకే బడి, ఒకే బెంచీ. వాళ్లది వడ్రంగుల ఇల్లు, తెలుగు వాళ్లే. సోలైమలై తండ్రి బండ్లు, వాకిళ్లు, ఇంటి కప్పులు చేసిన చెయ్యి. చుట్టుపక్కల ఆయన పెట్టిన దూలం ఒంగిందని ఎవరూ అనలేదు. కట్టె పని తగ్గిపోయాక కొడుకు ఇనుప పనికి మారాడు. మారాడన్నమాటే గానీ చెవి వెనక వడ్రంగి పెన్సిలు తీయలేదు. ఇనుము మీద అది గీత పడదు. అయినా పెట్టుకునేవాడు.

చిన్నప్పుడు ఒకసారి మామను భోజనానికి పిలవడానికి ఆ పట్టడకు పోయాను. మామ ఇనుప స్టూలు మీద, సోలైమలై ఎదురుగా వేసిన పాత తలుపు చెక్క మీద. మధ్యలో రెండు టీ గ్లాసులు.

"కట్టెకు పానం ఉండాదిరా అళగరూ," అంటున్నాడు సోలైమలై. "వానకు ఉబ్బుతాది, ఎండకు ఏడుస్తాది. నీ ఇనుముకేముండాది?"

"ఇనుము ఏడవదా? సరిగ్గా చూస్తే అదీ ఏడుస్తాది. నువ్వు చూడవు అంతే."

"ఓ, నీ లెక్కల్లో ఏడుస్తాదా!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. అందులో నవ్వడానికి ఏముందో నాకిప్పటికీ తెలీదు. కానీ మామ అలా నోరంతా తెరిచి నవ్వడం మా ఇంట్లో నేను ఎప్పుడూ చూడలేదు. నాకు కొంచెం అసూయ కలిగింది.

తొంభై ఆరులో మా నాన్న గోవిందరాజ్ తన అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి కొత్త షెడ్డు కట్టాలనుకున్నాడు. ఆడవాళ్లు వరసగా కూర్చుని పెట్టెల్లో పుల్లలు నింపే షెడ్డు. కప్పు పని సోలైమలైకి ఇచ్చాడు. ఉత్తరం నుంచి దక్షిణానికి పొడుగాటి షెడ్డు, నడినెత్తిన కొప్పు, తూర్పుకొక వాలు, పడమరకొక వాలు. మూడుమూలల ఇనుప చట్రాల మీద, షెడ్డు పొడుగునా, ఆంగిళ్లు పరిచి, వాటి మీద ఆస్బెస్టాస్ షీట్లు బిగించాలి. ఆంగిల్ అంటే రెండు రేకలు ఒక మూల దగ్గర కలిసిన ఇనుప కడ్డీ. కొస నుంచి చూస్తే ఇంగ్లీషు ఎల్ అక్షరం. ఒక రేక షీటు కింద వాలు వెంబడి పడుకుని ఉంటుంది, రెండో రేక కిందికి వేలాడి చట్రానికి బోల్టుతో పట్టుకుంటుంది.

ఆంగిల్ ఎంత సైజు వెయ్యాలని సోలైమలై ఒక ఆదివారం అడిగాడు. మామ సుద్దముక్క తీసుకుని తలుపు చెక్క మీద లెక్క కట్టి సైజు చెప్పాడు. పడుకునే రేక ఎటువైపు చూడాలో ఆయన చెప్పలేదు, ఈయన అడగలేదు. అది చెప్పాల్సిన మాటని మామకు తట్టలేదు. అందులో అడగడానికి ఏముందని సోలైమలై అనుకున్నాడు. తరవాత మళ్లీ కట్టెకూ ఇనుముకూ వాదన మొదలెట్టి ఉంటారు.

అక్టోబరు చివర ఐప్పసి నెల వానలు వచ్చాయి. షీట్లు తడిసి బరువెక్కాయి. పడమటి వాలు గీత గీసినట్టు నిలిచింది. తూర్పు వాలు మాత్రం ప్రతి రెండు చట్రాల మధ్యా జారిన చీర మడతల్లా దిగింది. షీట్ల మధ్య సందులు పడ్డాయి. నింపిన పెట్టెల మీద నీళ్లు కారాయి. తడిసిన అగ్గిపుల్ల దేనికి పనికొస్తుంది? నాన్న గొడుగు పట్టుకుని షెడ్డు నడిమధ్యన నిలబడి అరుస్తుంటే, ఆడవాళ్లు పళ్లేలు నెత్తిన పెట్టుకుని పడమటి పక్కకు పరిగెత్తారు.

"సగం మంచి ఇనుము, సగం కరిగించి పోసిన పాత ఇనుము! నా కంట్లోనే మన్ను కొడతాడా!" అన్నాడు నాన్న. "ఫ్యాక్టరీవాళ్ల సంఘం కూటంలో అందరి ముందరా చెప్తా. ఇంగ ఈ ఊర్లో వాని చేత కోడిగూడు కూడా చేయించేవాడు ఉండడు."

నాన్న కోపం ఊరికే పోయే రకం కాదు. అన్న మాట అంటాడు. ఆ మాట కూటంలో పడిందంటే సోలైమలై పట్టడ మూసుకోవాల్సిందే. పైగా ఆ పేరు ఆయనొక్కడిదే కాదు, పల్లెపల్లెనా దూలాలెత్తిన తండ్రిది కూడా. అమ్మ ఆ సాయంత్రమే పప్పుల వ్యాపారి ఇంటికి ఫోను చేసింది. "అన్నా, నువ్వు రా. నువ్వొస్తేనే ఇది తేలతాది," అంది.

ఆదివారం కాని రోజున మామ కోవిల్‌పట్టి రావడం అదే మొదలు. చేతిసంచిలో దారపు ఉండ, మందం కొలిచే పనిముట్టు. చంకలో గదిలోని ఆ అల్యూమినియం ముక్క. అది కూడా ఆంగిలే, పల్చటిది. క్లాసులో చూపించడానికి వాడేది. నేను ప్లస్ టూ చదువుతున్నాను. బడి మానేసి వెంటపడ్డాను.

సోలైమలై అప్పటికే షెడ్డులో ఒక మూల నిలబడి ఉన్నాడు. ఎవరూ కూర్చోమనలేదు. మామ నిచ్చెనెక్కి రెండు వాలుల్లోనూ ఆంగిళ్ల మందం కొలిచాడు. రెండు చోట్లా ఒకటే.

"ఇనుము మంచిదే గోవిందూ. రెండు పక్కలా ఒగటే ఇనుము," అన్నాడు దిగి.

"ఒగటే ఇనుమయితే ఒగ పక్కే యాల ఒంగుతాది బావా?"

న్యాయమైన ప్రశ్న. నాన్న కోపిష్టే కానీ తెలివితక్కువ వాడు కాదు.

మామ రెండు వాలుల్లోనూ ఒక్కొక్క ఆంగిల్‌కు ఈ చట్రం నుంచి ఆ చట్రానికి దారం లాగి కట్టించాడు. దారం సూటిగా ఉంటుంది, ఆంగిల్ దానికి ఎంత దూరం జరిగిందో కనిపిస్తుంది. తూర్పు వాలులో అది పడమటి దానికన్నా రెండింతలకు పైగా కిందికి దిగింది. అంతే కాదు, పక్కకు కూడా జరిగింది. విచిత్రమేమిటంటే రెండు వాలుల్లోనూ ఆంగిళ్లు తూర్పుకే జరిగాయి. పడమటివి కొప్పు వైపు, తూర్పువి చూరు వైపు.

మామ చాలాసేపు తలెత్తి చూస్తూ నిలబడ్డాడు. తరవాత అడిగాడు. "సోలై, పడుకునే రేక ఎట్ల పెడితివి?"

"అదేం అడుగుతావు? మొదలు పడమరకు, కొన తూర్పుకు." సోలైమలై గొంతులో ఆ పొద్దు మొదటిసారి కొంచెం ధైర్యం వచ్చింది. "మా నాయన నేర్పింది. దూలం పెడితే వేరు పక్క పడమరకో దక్షిణానికో, చిగురు పక్క తూరుపుకో ఉత్తరానికో. ఇల్లు నిలవాలంటే అంతే. ఈ షెడ్డులో ఒగటి కూడా తిరగబడలేదు, పోయి చూసుకో."

నిజంగానే ఒక్కటీ తిరగబడలేదు. మా వైపు వడ్రంగులకు అది దేవుడి మాటతో సమానం. నరికిన చెట్టుకు కూడా వేరు పక్క, చిగురు పక్క గుర్తుపెట్టుకుని, ఆ పద్ధతినే ఇంటి మీదికి ఎత్తుతారు. ఇనుముకు వేరూ లేదు, చిగురూ లేదు. సోలైమలై ఆలోచించి వాటిని కనిపెట్టాడు. రేకలు రెండూ పుట్టే మూల మొదలు, పడుకున్న రేక అంచు కొన. షెడ్డంతా కొనలు తూర్పుకు చూస్తున్నాయి. అంటే పడమటి వాలులో కొన పైకి, కొప్పు వైపుకు. తూర్పు వాలులో కొన కిందికి, చూరు వైపుకు.

మామ నాన్నను పక్కకు పిలిచి, లోపం ఇనుములో లేదు, తిప్పిన పక్కలో ఉందని చెప్పాడు. నాన్న కోపం అప్పటికి సగం దిగింది. తగ్గు గొంతుతో ఆయన చెప్పిన జవాబు నాకు వినబడింది.

"బావా, ఇనుములోనే ఏదో దోషం, ఇనుప కొట్టువాడు మోసం చేసినాడు అని నువ్వొగ మాట చెప్పు. నేను కొట్టువాణ్ణి చూసుకుంటా. కొత్త ఇనుము వాడే ఇస్తాడు. సోలైమలై పేరు బయటికి రాదు. నీ స్నేహితుడు కదా."

ఆ ఒక్క మాట అనేస్తే అన్నీ నిలిచేవి. సోలైమలై పట్టడ, వాళ్ల నాయన మాట, ఆదివారం టీ. కానీ కొత్త ఇనుము వచ్చినా దాన్ని మళ్లీ కొన తూర్పుకే పెడతాడు. మళ్లీ వానొస్తుంది. మామ చూపు ఖాళీ షెడ్డులో ఆడవాళ్లు వదిలేసి పోయిన చాపల మీద నిలిచింది.

"కాదు గోవిందూ," అన్నాడు.

వచ్చి నేల మీద గొంతుక్కూర్చుని సుద్దతో పెద్ద ఎల్ గీశాడు. సోలైమలైని పక్కన కూర్చోమన్నాడు. ఆ ఎల్ బరువు సమంగా తూగే చోట చుక్క పెట్టి, దాని మీదుగా అడ్డగీత ఒకటి, నిలువుగీత ఒకటి గీశాడు. నాలుగు గదులయ్యాయి.

"ఇనుములో ప్రతి ముక్కనూ తీసుకో. దాని వైశాల్యాన్ని అది పక్కకు ఎంత దూరమో దాంతో, పైకి ఎంత దూరమో దాంతో గుణించు. కుడి ప్లస్, ఎడమ మైనస్. పైన ప్లస్, కింద మైనస్. అన్నీ కూడు. ఇది పడమటి వాలు, కొప్పు నీ కుడిచేతి పక్క. పడుకున్న రేక కొన కొప్పు వైపుకు. అది ఎక్కువ భాగం కుడిపక్క పైన ఉండాది, ప్లస్సూ ప్లస్సూ. వేలాడే రేక ఎడమపక్క కింద ఉండాది, మైనస్సూ మైనస్సూ, అదీ ప్లస్సే. రెండూ కలిసి పెద్ద ప్లస్."

పక్కనే మూల అటు తిప్పి ఇంకో ఎల్ గీశాడు. "ఇది తూర్పు వాలు. ఇక్కడా కొప్పు కుడిపక్కే ఉండేట్టు, అవతలి తట్టు నుంచి చూసినట్టు గీసినా. కొన చూరు వైపుకు. పడుకున్న రేక ఎడమపక్క పైన, వేలాడేది కుడిపక్క కింద. రెండూ మైనస్. అంకె ఒగటే, గుర్తు తిరిగిపాయె."

"గుర్తు తిరిగితే ఏమి?" అన్నాడు నాన్న.

"పుస్తకంలో పట్టిక చూస్తే రెండిటికీ ఒకటే బలం ఉంటాది. ఆ బలం దూరాన్ని దూరంతోనే గుణించి కట్టేది. అట్ల కడితే మైనస్ కూడా ప్లస్ అయిపోతాది, ఎటు తిప్పినావో తెలీదు. ఈ లెక్కలోనే తెలుస్తాది." మామ ఒక్కొక్క ఎల్‌లోనూ రెండు రేకల చివరలనూ కలుపుతూ ఏటవాలుగా గీత గీశాడు. "ఆంగిల్‌కు నిలువూ అడ్డం కాదు అసలు దిక్కులు. ఇదీ, దీనికి అడ్డంగా ఇంకొకటీ. ఈ రేకలు రెండూ సమానం కాబట్టి ఆ దిక్కులు సగం మూలకు, నలభై ఐదు డిగ్రీలకు, వాలి ఉంటాయి. బరువు ఈ గీత వెంబడి పడితే ఆంగిల్ గట్టిది. దానికి అడ్డంగా పడితే దాదాపు నాలుగింతలు మెత్తన. వాన బరువు ఎప్పుడూ సూటిగా నేలకే. పడమటి పక్క అది గట్టి గీతకు దగ్గరగా పడతాది. తూర్పు పక్క మెత్తని గీత మీదే పడతాది."

నాన్న ముఖంలో నమ్మకం లేదు. మామ అల్యూమినియం ఆంగిల్‌ను ఒక కొస బల్లకు బిగించి, కప్పు వాలినంత వాల్చి, రెండో కొసన మూల దగ్గర దారంతో నీళ్ల చెంబు వేలాడదీశాడు. మూల దగ్గరే ఎందుకంటే ఇంకెక్కడ కట్టినా ముక్క మెలితిరుగుతుంది. కొన పైకి చూస్తున్నప్పుడు చెంబు కాస్త దిగింది. ముక్కను విప్పి కొన కిందికి తిప్పి బిగించాడు. అదే ముక్క, అదే చెంబు, అవే నీళ్లు. చెంబు రెండింతలకు మించి దిగి, చూరు పక్కకు జరిగి ఊగుతూ నిలిచింది.

నాన్న వంగి ఊగుతున్న చెంబును చేత్తో ఆపాడు. "అయితే దొంగతనం లేదు," అన్నాడు.

"లేదు. తప్పు నాది," అన్నాడు మామ. "సైజు నేను చెప్పినా. ఎటు తిప్పాలో చెప్పల. సోలై, తూర్పు పక్కన కొనలన్నీ కొప్పుకు తిప్పి బిగిస్తే చాలు. ఒగ ముక్క కూడా కొత్తది వద్దు."

సోలైమలై నేల మీది రెండు ఎల్లులనూ చూస్తూనే ఉన్నాడు. చెవి వెనక పెన్సిలు తీసి వేళ్ల మధ్య తిప్పాడు.

"దొంగ అనిరి. ఊరుకుంటి. అది అబద్దం కదా, ఒగనాడు తేలిపోతాది అనుకుంటి." గొంతు లేవలేదు. "ఇప్పుడు మా నాయన పొరపాటు అంటివి అళగరూ. అందరి ముందరా నేలమీద గీసి చూపిస్తివి. ఇది ఎట్ల తేలేది?"

"అట్ల కాదురా. మీ నాయన పెట్టింది కట్టె దూలం. నాలుగు పలకల దూలానికి ఈ లెక్క సున్నా. కుడీ ఎడమా సరిసమానం, కొట్టేసుకుంటాయి. ఎటు తిప్పినా ఒగటే. మీ నాయన మాట దానికి తప్పే కాదు. ఈ వంకర ఆంగిల్‌కే..."

మామ మొత్తుకుంటూనే ఉన్నాడు. ఆయన వినలేదు. విన్నాడేమో కూడా. లేచి పంచె దులుపుకుని నిచ్చెన తెచ్చుకోవడానికి పోయాడు.

తూర్పు వాలు ఆంగిళ్లన్నీ సోలైమలై తన చేతులతోనే విప్పి, తిప్పి, బిగించాడు. కప్పు సూటిగా నిలిచింది. తరవాత వచ్చిన వానలకు ఒక్క చుక్క కారలేదు. నాన్న ఆయన్ని ఊరంతా మెచ్చుకున్నాడు కూడా.

ఆ తరవాతి ఆదివారం మామ ఎప్పటిలాగే ఎట్టయాపురం రోడ్డులో దిగి పట్టడకు పోయాడు. సోలైమలై వెల్డింగ్ ఆపి లేచి నిలబడ్డాడు.

"వాంగ సార్. ఉక్కారుంగ," అన్నాడు.

రండి సార్, కూర్చోండి అని. అరవంలో. బుద్ధి తెలిసినప్పటి నుంచి వీళ్లిద్దరి మధ్య అరవం లేదు, సార్ లేదు. ఇంటి గడప దాటాక బయటివాళ్లతో మాట్లాడే భాష అది. స్టూలు తుడిచి వేశాడు, టీ తెప్పించాడు, అడిగిన దానికి మర్యాదగా జవాబు చెప్పాడు, అంతా అరవంలోనే. మామ టీ తాగి మా ఇంటికి వచ్చేశాడు. అన్నంలో మజ్జిగ పోసుకుని కలుపుతూ కలుపుతూ కూర్చున్నాడు, తినలేదు. "నాతో అరవం మాట్లాడినాడు," అని మాత్రం అమ్మతో అన్నాడు. అమ్మకు చెప్పక్కరలేకుండానే అర్థమైంది. తిట్టినా కొట్టినా బాగుండేదని నాకు అనిపించింది.

మామ మళ్లీ ఆ పట్టడకు పోలేదు. ఆదివారం బస్సు మాత్రం మానలేదు. బస్టాండులో దిగి, అక్కడే టీ కొట్టు బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చుని, ఆ తరవాత మా ఇంటికి వచ్చేవాడు. పట్టడ అక్కడికి ఎంతో దూరం కూడా కాదు. మొండిఘటాలు ఇద్దరూ. కోపం ఇద్దరి మీదా వచ్చేది నాకు.

ప్లస్ టూ అయ్యాక మామ పాలిటెక్నిక్‌లోనే సివిల్‌లో చేరాను. ఆ పాఠం నాకూ వచ్చింది. అల్యూమినియం ముక్క బిగించి, బరువు ఎటు దిగుతుందని అడిగేవాడు. అందరూ నేరుగా కిందికే అనేవాళ్లు. బరువు పక్కకు జరగ్గానే క్లాసంతా ఆశ్చర్యపోయేది. ఆ పాఠమంటే పిల్లలకు ఇష్టం. "ఇటు తిప్పితే ప్లస్, అటు తిప్పితే మైనస్. విలువ అదే," అని బోర్డు మీద రాసి మామ కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ ఆగిపోయేవాడు. మరిచిపోయాడేమోనని వెనక బెంచీల వాళ్లు నవ్వేవాళ్లు. నేను తల వంచుకునేదాన్ని. ఏడుపు ఆగేది కాదు.

ఒకరోజు గదికి పోయి కడిగేశాను. "మామా, నువ్వే పోయి మాట్లాడు. ఏమవుతాది?"

"ఏమని మాట్లాడేది పాపా? చెప్పింది అబద్దం అయితే మన్నించమని అడగొచ్చు. నిజం చెప్పినందుకు ఎట్ల అడిగేది? అడిగితే అది నిజం కాకుండా పోతాదా?"

స్టవ్వు మీద ఒక్క మనిషికి సరిపడా అన్నం ఉడుకుతోంది. ఆ గిన్నె చూసి హాస్టలుకు వచ్చేశాను.

నాకు పెళ్లయింది, నెల్లూరు పోయాను. మామ రిటైరయ్యాడు. మా ఇంట్లో ఉండమని అమ్మ ఎంత బతిమాలినా పప్పుల వ్యాపారి గది వదల్లేదు. నేను పుట్టింటికి వచ్చినప్పుడల్లా కోవిల్‌పట్టిలో కొత్త షెడ్డు కనబడితే తలెత్తి చూసే అలవాటు నాకూ పట్టుకుంది. సోలైమలై కట్టినవన్నీ రెండు వాలుల్లోనూ కొనలు కొప్పుకే చూసేవి. ఒప్పుకున్నాడన్నమాట. ఆ సంగతి మామకు చెబితే తలాడించాడు. "చూసినా," అన్నాడు. ఆయన కూడా చూస్తూనే ఉన్నాడన్నమాట.

రెండువేల ఎనిమిదిలో నేను కోవిల్‌పట్టిలో ఉన్నప్పుడే సోలైమలై పోయాడని తెలిసింది. గుండెపోటు. కబురు మాకూ, విరుదునగర్‌కూ చేరేసరికి దహనం అయిపోయింది. మర్నాడు మామ వస్తే నేనే వెంట తీసుకుపోయాను.

పాత పట్టడ వెనకే ఆయన తనకోసం పెద్ద షెడ్డు కట్టుకున్నాడు. ఊరి షెడ్లన్నీ చూశాను కానీ ఇది చూసే అవకాశం రాలేదు. లోపల అడుగుపెట్టగానే మామ తలెత్తాడు. నేనూ ఎత్తాను. పడమటి వాలు సూటిగా ఉంది. తూర్పు వాలు దిగిపోయి ఉంది. కొనలన్నీ తూర్పుకు. దిగిన చోట ఒక మొద్దు గుంజ ఆనించి ఉంది, కింద నేల మీద వాన నీళ్ల మరకలు.

సోలైమలై భార్య పొన్నుతాయి మా చూపు గమనించింది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు బొంగురుపోయింది.

"ఊర్లో వాళ్లకంతా అళగరు చెప్పినట్టే పెట్టినాడు. 'అది లెక్క, దాని కింద మనుషులు కూకుంటారు' అనేవాడు. 'ఇది నా తల మీది కప్పు, ఇది మా నాయన చెప్పినట్టే ఉండనీ' అనె. కారితే కారనీ అనె." ఆమె పడమటి పక్కకు చెయ్యి చూపించింది. పాత ఇనుప స్టూలు అక్కడుంది. "అది మాత్రం కారని పక్కనే వేసినాడు. ఎవురినీ కూకోనియ్యలే. ఆదివారం పొద్దున విరుదునగర్ మీదొచ్చే మధురై బస్సు హారను వినబడితే చాలు, 'అళగరు దిగుంటాడు' అనేవాడు. రోడ్డు దిక్కు చూస్తా పని చేసేవాడు."

"నేను బస్టాండులో ఉండేది తెలుసునా వానికి?" అన్నాడు మామ.

"తెలవకేమి? టీకొట్టు వాడు చెప్పేవాడు. నువ్వు పోయి పిలుచుకో రాదా అంటే, 'వాడే వస్తాడు, ఇంతదూరం వచ్చినోనికి ఈ కొంచెం దూరమా' అనేవాడు."

మామ పోయి ఆ స్టూలు మీద కూర్చున్నాడు. ఎదురుగా సోలైమలై కూర్చునే పాత తలుపు చెక్క ఖాళీగా ఉంది. నేను పక్కన నిలబడ్డాను, కానీ ఆయనకు నేనున్నట్టే లేదు. దిగిపోయిన తూర్పు కప్పును చాలాసేపు చూశాడు. తరవాత ఆ చెక్కతో మాట్లాడినట్టు, పాత ఆదివారాల గొంతుతో, తెలుగులో అన్నాడు.

"కొన తూర్పుకే ఉండాల్సిందే అంటే ఉండనీరా సోలై, ఎవరు వద్దన్నారు? సైజు పెద్దది వేసుకోకూడదా? ఒక్క మాట అడిగుంటే చెప్పుందును గదా."

పొన్నుతాయి ఆ మాట వినలేక, టీ పెట్టుకొస్తానని లోపలికి పోయింది.